ఫొటోలోని గచ్చే కొలబద్ద

అమ్మకానికో అద్దెకో పెట్టిన ఫ్లాట్ల ఫొటోల్లో కొన్నింటిని కాస్త నిదానంగా చూడండి. గోడలు, కిటికీలు, గచ్చు నిజమైనవే. వాటి మధ్య కనిపించే సోఫా, టీపాయ్, మంచం మాత్రం ఆ గదిలోకి ఎన్నడూ రాలేదు. ఖాళీ గదిని ఫొటో తీసి, తర్వాత కంప్యూటర్లో సామాను అమర్చారు. దీన్ని వర్చువల్ స్టేజింగ్ అంటారు.

ఇలా చేయడానికి న్యాయమైన కారణమే ఉంది. ఖాళీ గది ఫొటోలో ఎంత పెద్దదో తెలియదు. పదకొండు అడుగుల వెడల్పున్న హాలులో ముగ్గురు కూర్చునే సోఫా పెడితే నడవడానికి ఎంత జాగా మిగులుతుందో, వట్టి గోడలు చూసి చెప్పగలిగేవాళ్లు తక్కువ. సామాను ఉంటే ఆ అంచనా దొరుకుతుంది. యజమాని డాలస్‌లోనో సిడ్నీలోనో ఉండి హైదరాబాద్‌లోని ఫ్లాటు అమ్ముకుంటున్నప్పుడు, ఫొటోల కోసం సోఫా సెట్టు అద్దెకు తెప్పించి మోయించడం కంటే కంప్యూటర్లో అమర్చడం తేలిక.

కానీ ఆ ఫొటోల్లో చాలావాటిని చూడగానే ఎక్కడో తేడా కొడుతుంది. సోఫా గచ్చు మీద ఆనినట్టుండదు. మంచం గది కోసం కాకుండా బొమ్మరింటి కోసం చేసినట్టుంటుంది. తేడా ఏమిటో చూసేవాళ్లు చెప్పలేరు గాని, ఆ ఇంటి మీద నమ్మకం మాత్రం సడలుతుంది. తప్పు సాధారణంగా రెండుచోట్ల ఉంటుంది. సామాను గీతలు గది గీతలతో కలవకపోవడం ఒకటి, సామాను సైజు గది సైజుకు పొసగకపోవడం రెండోది. ఈ రెండూ కంటి అంచనాకు వదిలేసే విషయాలని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండింటికీ లెక్క ఉంది. ఆ లెక్కకు కావలసిన కొలబద్ద ప్రతి ఖాళీ గది ఫొటోలోనూ ముందే పరిచి ఉంటుంది. అదే గచ్చు.

హాలు మధ్యలో నిలబడి ఎదురు గోడకేసి కెమెరా పెట్టి ఫొటో తీశారనుకుందాం. ఎడమ గోడ కింది స్కర్టింగ్, కుడి గోడ కింది స్కర్టింగ్, రెండు గోడలూ పైకప్పును కలిసే అంచులు, మన వైపు నుంచి దూరంగా వెళ్లే టైల్స్ సందులు, ఇవన్నీ అసలు గదిలో ఒకదానికొకటి సమాంతరాలు. ఫొటోలో మాత్రం అవన్నీ లోపలికి వాలుతాయి. స్కేలు పెట్టి పొడిగిస్తే ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. ఆ చుక్క మీదుగా అడ్డంగా ఒక గీత గీస్తే అది కంటిమట్టం గీత. ఇక్కడ కన్ను అంటే కెమెరా. కెమెరా నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉంటే, ఆ గీత గదిలోని ప్రతి వస్తువునూ సరిగ్గా నాలుగడుగుల ఎత్తు దగ్గరే కోస్తుంది. దగ్గరున్న తలుపునైనా, దూరాన ఉన్న కిటికీనైనా అంతే.

ఇది కంప్యూటర్లతో వచ్చిన తెలివి కాదు. ఇటలీలో లియోన్ బాటిస్టా అల్బెర్టీ 1435లో చిత్రకళ మీద రాసిన గ్రంథంలో చదరాల గచ్చును సరిగ్గా గీసే పద్ధతి చెప్పాడు. గీతలు కలిసే బిందువును బొమ్మలోని మనిషి ఎత్తుకు మించకుండా పెట్టమన్నాడు. అలా పెడితే గచ్చు మీద దగ్గరున్న మనిషి తలా, దూరాన ఉన్న మనిషి తలా ఒకే గీత మీదకు వస్తాయి. దూరంగా ఉన్నవాడు చిన్నగా కనిపించినా ఎత్తు తగ్గినట్టు అనిపించదు. ఫ్లాటు ఫొటోలో సోఫా పెట్టేవాళ్లు చేయవలసిందీ ఇదే.

ఆ గీతతో సైజు ఎలా తేలుతుందో చూద్దాం. గచ్చు మీద ఏదైనా ఒక చోటు తీసుకోండి. ఆ చోటి నుంచి నిటారుగా కంటిమట్టం గీత దాకా ఫొటోలో ఎంత ఎత్తు ఉందో, అది ఆ చోట నాలుగడుగులతో సమానం. అక్కడ మూడడుగుల ఎత్తున్న సోఫా పెట్టాలంటే ఆ ఎత్తులో ముప్పాతిక వంతు రావాలి. ఒకటిన్నర అడుగుల టీపాయ్ అయితే మూడెనిమిదో వంతు. ఏడడుగుల బీరువా అయితే గీత దాటి పైకి వెళ్లి, మొత్తం ఒకటీ ముప్పాతిక రెట్లు అవుతుంది. వస్తువు ఎంత దూరంలో ఉందో, ఏ లెన్స్ వాడారో తెలియకపోయినా ఈ లెక్క తప్పదు. కెమెరా వంచకుండా తీసి ఉంటే చాలు.

కెమెరా ఎంత ఎత్తులో ఉందో ఫొటో తీసినవాళ్లు చెప్పకపోతే తలుపును అడగొచ్చు. మన ఫ్లాట్లలో తలుపులు సాధారణంగా ఏడడుగుల ఎత్తు ఉంటాయి. గడప దగ్గరి నుంచి కంటిమట్టం గీత దాకా ఉన్న దూరం తలుపు ఎత్తులో ఎన్నో వంతో చూడండి. ఏడింట నాలుగు వంతులైతే కెమెరా నాలుగడుగుల మీద ఉంది. ఏడింట అయిదైతే అయిదడుగుల మీద ఉంది. అయితే తలుపు ఏడడుగులే అని నమ్మేయకుండా ఎవరిచేతనైనా టేపుతో కొలిపించుకోవడం మంచిది. ఫొటో తీసేవాళ్లు గదిలో ఉండగానే తలుపు ఎత్తు, ఒక టైల్ సైజు, ఎదురు గోడ వెడల్పు, ఈ మూడు కొలతలు కాగితం మీద రాసుకుంటే తర్వాతి పనిలో సగం తలనొప్పి పోతుంది.

ఇప్పుడు ఒక హాలును పూర్తిగా లెక్కగట్టి చూద్దాం. వెడల్పు 11 అడుగులు, కెమెరా నుంచి ఎదురు గోడ 16 అడుగుల దూరం. గచ్చు మీద రెండడుగుల చదరపు టైల్స్. కెమెరా నాలుగడుగుల ఎత్తులో, వంపు లేకుండా, గది వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఉంది. లెన్స్ 18 మిల్లీమీటర్లు, సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫుల్‌ఫ్రేమ్. ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు, ఎత్తు 4000. కెమెరా వంచలేదు కాబట్టి కంటిమట్టం గీత ఫొటో నడిమధ్యన ఉంటుంది, అంటే పై నుంచి 2000 పిక్సెళ్ల దగ్గర.

ఈ ఫొటోలో ఎదురు గోడ గచ్చును తాకే చోటు కంటిమట్టం గీతకు 750 పిక్సెళ్ల కింద ఉంటుంది. అక్కడి నుంచి మన వైపు ఒక టైల్ రండి. ఆ సందు 857 పిక్సెళ్ల కింద. ఇంకో టైల్ దగ్గరకొస్తే 1000. తర్వాత 1200, ఆ తర్వాత 1500, చివరికి ఫొటో కింది అంచు దగ్గర 2000. కెమెరాకు ఆరడుగుల లోపున్న గచ్చు ఫొటోలో పడదు. ఈ అంకెల్లో గమనించాల్సింది ఒకటే. అసలు గదిలో అన్ని టైల్స్ లోతూ రెండడుగులే. ఫొటోలో మాత్రం మనకు అతి దగ్గరి టైల్ 500 పిక్సెళ్ల లోతు తీసుకుంటే, ఎదురు గోడ దగ్గరిది 107 పిక్సెళ్లతో సరిపెట్టుకుంటోంది. దూరం వెళ్లేకొద్దీ తగ్గుదల సమంగా లేదు. ముందు త్వరగా కుదించుకుపోయి, తర్వాత నెమ్మదిస్తుంది.

ఎడమ గోడకు ఆనించి ఏడడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ఉన్న సోఫా పెడదాం. దాని దగ్గరి కొస కెమెరాకు 8 అడుగుల దూరంలో, అవతలి కొస 15 అడుగుల దూరంలో. టైల్స్ లెక్కలో మూడున్నర టైల్స్ పొడవు. దగ్గరి కొస గచ్చును తాకే చోటు గీతకు 1500 పిక్సెళ్ల కింద ఉంది కాబట్టి అక్కడ సోఫా ఎత్తు అందులో ముప్పాతిక, అంటే 1125 పిక్సెళ్లు. అవతలి కొస గీతకు 800 పిక్సెళ్ల కింద. అక్కడ ఎత్తు 600. ఒకే సోఫా ఈ కొసన 1125, ఆ కొసన 600. దాదాపు సగానికి తగ్గిపోయింది. కాగితం మీద ఈ తగ్గుదల అతిగా తోస్తుంది గాని, ఆ గదిలో ఆ లెన్స్‌తో నిజం సోఫాను ఫొటో తీసినా ఇంతే తగ్గుతుంది.

కేటలాగ్ ఫొటోలోంచి సోఫాను కత్తిరించి అతికించేవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. షోరూమ్‌లో సోఫాను ఫొటో తీసేవాళ్లు దూరంగా నిలబడి, పొడవు లెన్స్‌తో తీస్తారు. వస్తువు ఆకారం అందంగా, వంకర లేకుండా వస్తుందని. దగ్గరి కొస 15 అడుగుల దూరంలో ఉంటే అవతలి కొస 22 అడుగుల్లో ఉంటుంది. అప్పుడు అవతలి కొస ఎత్తు దగ్గరి కొసలో 68 శాతం. మన హాలులో కావలసింది 53 శాతం. ఆ బొమ్మను తెచ్చి దగ్గరి కొసను 1125 పిక్సెళ్లకు సరిచేస్తే, అవతలి కొస 600 రావలసింది 767 వస్తుంది. ఆ కొసన సోఫా మూడడుగులకు బదులు దాదాపు నాలుగడుగుల ఎత్తు ఉన్నట్టు. సోఫా పైఅంచు గీతను పొడిగించి చూస్తే టైల్స్ గీతలు కలిసే చుక్క దగ్గరికి పోనే పోదు. కన్ను ఆ తేడాను వెంటనే పట్టేస్తుంది.

అతికించిన బొమ్మను ఫొటోషాప్‌లో లాగి వంచి ఆ కొసను 600కు తెచ్చేస్తారు కొందరు. అంచు గీతలు కుదురుతాయి. కానీ కూర్చునే దిండ్ల పైభాగం ఎంత కనిపించాలన్నది వంచితే మారదు. కెమెరా నాలుగడుగుల ఎత్తులో ఉంటే, ఒకటిన్నర అడుగుల ఎత్తున్న దిండును రెండున్నర అడుగుల పై నుంచి, అదీ దగ్గరి నుంచి చూస్తున్నట్టు. దిండు పైభాగం బాగా పరుచుకుని కనిపించాలి. దూరం నుంచి తీసిన కేటలాగ్ బొమ్మలో ఆ పైభాగం సన్నని పట్టీలా ఉంటుంది. సోఫా దగ్గరి చేతి పక్కభాగం కూడా ఫొటోలో లేనంత ఎక్కువగానో తక్కువగానో కనబడుతుంది. ఫొటోలో లేని ముఖాన్ని లాగి పుట్టించలేం. అందుకే పద్ధతిగా చేసేవాళ్లు బొమ్మలను అతికించరు. సోఫాను త్రీడీ మోడల్‌గా తీసుకుని, ఆ గదిలోని కెమెరా ఎక్కడ ఉందో అక్కడే కంప్యూటర్లో ఇంకో కెమెరా పెట్టి, అక్కడి నుంచి చూస్తే సోఫా ఎలా కనిపిస్తుందో గీయించుకుంటారు. అప్పుడు పైన చెప్పిన కుదింపు లెక్కలన్నీ కంప్యూటరే చూసుకుంటుంది.

మరి ఆ కెమెరా ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? దానికి fSpy అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అందులో తేలినదాన్ని బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రామ్‌లోకి తీసుకుంటారు. అదీ ఉచితమే. స్కెచప్‌లోనూ ఇలాంటి సదుపాయం ఉంది. fSpyలో ఖాళీ గది ఫొటో తెరిచి, గదిలో ఒకే దిక్కుకు వెళ్లే రెండు అంచుల మీద రెండు గీతలు సరిచేస్తాం. ఎడమ స్కర్టింగ్ ఒకటి, కుడి పైకప్పు అంచు ఒకటి అనుకోండి. గది మూల కనిపించేలా తీసిన ఫొటో అయితే రెండో దిక్కుకు కూడా అలాగే మరో రెండు గీతలు. గచ్చు మీద ఒక చోటిని మూలబిందువుగా పెట్టి, తెలిసిన ఒక కొలత ఇస్తాం. అక్కడితో కెమెరా ఎత్తు, దూరం, చూసే కోణం అన్నీ తేలిపోతాయి. ఈ పనిలో ఓపిక పెట్టాల్సింది గీతల దగ్గరే. పొట్టి అంచులు కాకుండా ఫొటోలో వీలైనంత పొడవుగా సాగే అంచులు తీసుకోవాలి. జూమ్ చేసి, అంచుకు సరిగ్గా ఆనించాలి. కొలత ఇచ్చేటప్పుడు ఒక టైల్ ఇవ్వడం కంటే ఆరేడు టైల్స్ వరస ఇవ్వడం మేలు. ఒక్క టైల్ మీద చిన్న పొరపాటు జరిగితే గది మొత్తానికి ఆరేడు రెట్లై కూర్చుంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. మన హాలు ఫొటోలోలా ఎదురు గోడకు సూటిగా తీస్తే గీతలు కలిసే చుక్క ఒకటే దొరుకుతుంది. ఒక్క చుక్కతో కెమెరా చూసే కోణం తెలియదు. లోతు ఎక్కువున్న గదిని పొడవు లెన్స్‌తో తీసినా, లోతు తక్కువున్న గదిని వెడల్పు లెన్స్‌తో తీసినా గోడల గీతలు ఒకేలా రావచ్చు. అప్పుడు fSpyకి లెన్స్ సంగతి మనమే చెప్పాలి. ఫొటో ఫైలులో అది రాసే ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయితే ఆ వివరాలు సాధారణంగా ఊడిపోయి ఉంటాయి, అందుకే అసలు ఫైలు అడగాలి. అదీ దొరకకపోతే మళ్లీ టైల్సే గతి. టైల్ చదరంగా ఉంటే, దాని ఒక మూల నుంచి ఎదురు మూలకు గీత గీసి కంటిమట్టం గీత దాకా పొడిగించండి. అది తాకిన చోటికీ ఫొటో మధ్యకూ ఎంత దూరమో, పిక్సెళ్లలో లెన్స్ పొడవు సరిగ్గా అంత. మన ఉదాహరణలో ఆ దూరం 3000 పిక్సెళ్లు, అంటే ఆ ఏటవాలు గీత ఫొటో అంచు దగ్గర సరిగ్గా కంటిమట్టాన్ని తాకుతుంది. లెన్స్ వివరాలు తెలిసినప్పుడు కూడా ఈ పరీక్ష చేసి చూడటం నాకు మంచి అలవాటుగా తోస్తుంది. ఒక్క నిమిషం పని, ఎన్నో పొరపాట్లు ముందే బయటపడతాయి. టైల్ నిజంగా చదరమేనా అన్నది మాత్రం ముందు కనుక్కోవాలి. ఇప్పుడు కొత్త ఫ్లాట్లలో రెండడుగులు, నాలుగడుగుల పొడుగు టైల్స్ కూడా వేస్తున్నారు. వాటిని చదరాలనుకుని లెక్కగడితే గది మొత్తం తప్పుతుంది.

ఫొటో తీసేటప్పుడే జరిగే రెండు తప్పులు తర్వాత ఎంత కష్టపడినా వేధిస్తాయి. మొదటిది కెమెరాను కిందికో పైకో వంచడం. గచ్చు ఎక్కువ కనిపించాలని వంచుతారు. అప్పుడు గోడల నిలువు అంచులు కూడా వాలిపోతాయి, కంటిమట్టం గీత ఫొటో మధ్యను వదిలి జరుగుతుంది, పైన చెప్పిన ముప్పాతిక లెక్క ఉన్నదున్నట్టు పనిచేయదు. రెండోది, సామాను పెట్టక ముందే ఫొటో అంచులు కత్తిరించడం. ఈ ప్రోగ్రాములు మామూలుగా లెన్స్ మధ్యభాగం ఫొటో మధ్యలోనే ఉందని నమ్ముకుని లెక్క చేస్తాయి. పైన పైకప్పు ఎక్కువైందని ఓ పావు కత్తిరించేస్తే ఆ నమ్మకం తప్పి, కెమెరా లేనిచోట ఉన్నట్టు తేలుతుంది. వెడల్పు లెన్స్ వల్ల తిన్నటి గోడ అంచులు విల్లులా వంగితే, ఆ వంపు ఒక్కటే ముందు సరిచేసి, మిగతా కత్తిరింపులన్నీ సామాను పెట్టాకే చేయాలి.

వెడల్పు లెన్స్ గురించి ఇంకొక్క మాట. లెక్క అంతా సరిగ్గా ఉన్నా ఫొటో అంచుల దగ్గర పెట్టిన సామాను సాగిపోయినట్టు కనిపిస్తుంది. గుండ్రటి బల్ల కోడిగుడ్డులా వస్తుంది, కుర్చీ పక్కకు లాగినట్టుంటుంది. అది తప్పు కాదు, ఆ లెన్స్‌తో నిజం బల్లను తీసినా అలాగే వస్తుంది. దాన్ని చేత్తో గుండ్రంగా సరిచేస్తే మళ్లీ గదితో పొసగదు. అంచుల దగ్గర గుండ్రటి వస్తువులు, దగ్గరగా పెద్ద కుర్చీలు పెట్టకపోవడమే దారి.

నీడల సంగతి క్లుప్తంగా చెబుతాను. కొలతలన్నీ కుదిరినా, సోఫా కాళ్లు గచ్చును తాకేచోట సన్నని చీకటి లేకపోతే సోఫా గాల్లో తేలుతుంది. బ్లెండర్‌లో గచ్చున్న చోట ఒక పలక పరిచి దానికి Shadow Catcher అనే గుణం పెడితే, పలక కనబడకుండా నీడ మాత్రమే ఫొటో మీద పడుతుంది. వెలుతురు ఆ గదిలోని కిటికీ వైపు నుంచే రావాలి. పాలిష్ ఉన్న టైల్స్ మీద కిటికీ ప్రతిబింబం కనిపిస్తుంటే సోఫా ప్రతిబింబం కూడా మసకగా కనిపించాలి.

సైజు దగ్గర ఇంకో రకం తప్పు ఉంది. ఇది పొరపాటున జరిగేది కాదు. గది పెద్దగా కనిపించాలని సామాను చిన్నది చేస్తారు. గీతలన్నీ కలుస్తాయి, నీడలూ ఉంటాయి, చూడటానికి ఫొటో ముద్దుగా ఉంటుంది. కొనేవాడికి మాత్రం నష్టం. పది అడుగులు, పదకొండు అడుగుల పడకగది తీసుకోండి. ఇద్దరు పడుకునే క్వీన్ సైజు పరుపు అయిదడుగులు, ఆరున్నర అడుగులు. చట్రం, తలాపు కలుపుకుంటే మంచం అయిదున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు అవుతుంది. పదకొండు అడుగుల గోడ మధ్యలో తలాపు పెడితే రెండు పక్కలా చెరి రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు, కాళ్ల వైపు మూడడుగులు మిగులుతాయి. కాళ్ల వైపు గోడకు రెండడుగుల లోతున్న బీరువా పెడితే నడవడానికి ఒక్క అడుగే. బీరువా తలుపు తెరుచుకోదు. ఆ గది నిజం అదీ.

ఇప్పుడు ఆ మంచాన్ని పదిహేను శాతం తగ్గించండి. వెడల్పు అయిదున్నర నుంచి నాలుగడుగుల ఎనిమిది అంగుళాలకు, పొడవు ఏడు నుంచి ఆరడుగులకు దిగుతుంది. బీరువాను కూడా అంతే తగ్గిస్తే కాళ్ల వైపు ఉన్న ఒక్క అడుగు రెండడుగులు దాటుతుంది. ఫొటోలో గది హాయిగా ఉంటుంది. కొన్నవాళ్లు సామాను దింపుకునే రోజున బీరువా ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడతారు. దీన్ని నేను అలంకరణ అనను. కొలత తెలిసీ మార్చడం కొనేవాణ్ణి మోసగించడమే. పదిహేను శాతం తేడాను కంటితో పట్టడం కష్టం కాబట్టే ఇది మరీ తప్పు.

అయితే దాన్ని పట్టే ఉపాయం చూసేవాళ్ల చేతిలోనే ఉంది. ఫొటోలో మంచం కాళ్ల వైపు అంచు దగ్గర, అది ఎన్ని టైల్స్ వెడల్పు కప్పిందో లెక్కపెట్టండి. రెండడుగుల టైల్స్ మీద అయిదున్నర అడుగుల మంచం రెండూ ముప్పాతిక టైల్స్ కప్పాలి. రెండూ పావు దగ్గరే ఆగిపోతే మంచం తగ్గించారని అర్థం. అలాగే పైన చెప్పిన కంటిమట్టం గీతను స్కేలుతోనో వేలితోనో గుర్తుపట్టండి. ఆ గీత కంటే ఎత్తయిన వస్తువు పైభాగం మనకు కనిపించకూడదు. బీరువా పైన పెట్టిన పూలకుండీ అడుగుభాగంతో సహా బీరువా మాడు కనిపిస్తోందంటే ఆ బీరువా వేరే కెమెరా చూసింది. తలుపు పక్కన డైనింగ్ కుర్చీ ఉంటే ఇంకా తేలిక. కూర్చునే పలక ఒకటిన్నర అడుగు, తలుపు ఏడు. రెండూ ఒకే దూరంలో ఉన్నప్పుడు పలక ఎత్తు తలుపు ఎత్తులో అయిదో వంతుకు కాస్త ఎక్కువ ఉండాలి. ఇంకో సంగతి కూడా చూడండి. గది తలుపు లోపలికి తెరుచుకునే చోట మంచమో బల్లో అడ్డం పెట్టారా? ఖాళీ ఫొటోలో తలుపు మూసి ఉంటే ఇది చాలాసార్లు జరుగుతుంది.

చట్టం కూడా ఈ విషయంలో ఊరుకోలేదు. మన దేశంలో 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అందరూ రెరా అనేది, 12వ సెక్షన్‌లో ప్రకటనల్లోని తప్పుడు సమాచారాన్ని నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోయినవాళ్లకు ప్రమోటర్ పరిహారం ఇవ్వాలంటుంది. అది బిల్డర్ల ప్రకటనలకు వర్తిస్తుంది. ఒక యజమాని తన పాత ఫ్లాటును అమ్ముకునేటప్పుడు ఈ సెక్షన్ అంత తేలిగ్గా చేతికి రాదు. అమెరికాలోని కాలిఫోర్నియా ఇంకా నేరుగా వెళ్లింది. 2026 జనవరి 1 నుంచి అక్కడ ఇళ్ల బ్రోకర్లు ప్రకటనలో మార్చిన ఫొటో వాడితే మార్చామని చెప్పాలి, మార్చని అసలు ఫొటోను కూడా చూసే వీలు ఇవ్వాలి. ఇక్కడ అలాంటి నిబంధన కోసం ఎదురు చూడనక్కర్లేదు. సామాను ఉన్న ఫొటో పక్కనే ఖాళీ గది ఫొటో పెట్టి, కింద ఒక ముక్క రాస్తే ఎవరికీ నష్టం లేదు. నిజం కొలతలతో పెట్టిన సోఫా ఆ ఖాళీ ఫొటో పక్కన సిగ్గుపడదు.

ఫ్లాటు ఎంచుకునేవాళ్లకు నా మనవి ఇదే. ఫొటో నచ్చి ఫోన్ చేసినప్పుడు ధర అడిగే ముందు ఖాళీ గది ఫొటో, టైల్ సైజు, కార్పెట్ ఏరియా అడగండి. ఈ మూడూ చేతికి వచ్చాక మీ మంచం, మీ బీరువా కొలతలు ఆ గచ్చు మీద మీరే లెక్కవేసుకోవచ్చు. ఇవ్వడానికి వెనకాడేవాళ్ల ఇంటికి వెళ్లేటప్పుడు టేపు తీసుకునే వెళ్లండి.